వేగం-కాలం గ్రాఫు నుంచి త్వరణం, దూరం రాబట్టడం ఎలా

ఒక మెట్రో రైలు స్టేషన్‌లో బయల్దేరి తర్వాతి స్టేషన్‌లో ఆగుతుంది. ఈ ప్రయాణాన్ని వేగం-కాలం గ్రాఫుగా గీస్తే, రైలు ఎంత చురుగ్గా వేగం పుంజుకుందో, ఎంత గట్టిగా బ్రేకు వేసిందో, రెండు స్టేషన్ల మధ్య దూరం ఎంతో ఆ ఒక్క బొమ్మలోంచే తీయొచ్చు. గీత వాలు త్వరణాన్ని ఇస్తుంది, గీత కింది వైశాల్యం దూరాన్ని ఇస్తుంది. సూత్రం చాలామందికి వచ్చే ఉంటుంది. తప్పులు జరిగేది అంకెలు ఎక్కడ చదవాలి, దేన్ని దేనితో భాగించాలి అన్న దగ్గర. కాబట్టి ఒకే ప్రయాణాన్ని పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చేద్దాం.

అంకెలు లెక్కకు వీలుగా తీసుకున్నవే అయినా అసలు మెట్రోకి మరీ దూరం కావు. రైలు 0 సెకన్ల దగ్గర కదిలి, 25 సెకన్లలో 20 మీ/సె వేగానికి చేరింది. ఆపై 30 సెకన్లు అదే వేగంతో నడిచింది. చివరి 20 సెకన్లలో బ్రేకు వేసి ఆగింది. మొత్తం 75 సెకన్లు.

ముందు గ్రాఫు కాగితం మీద గీయండి

కాలాన్ని అడ్డంగా X-అక్షం మీద, వేగాన్ని నిలువుగా Y-అక్షం మీద తీసుకోండి. అడ్డంగా 1 సెం.మీ.కి 5 సెకన్లు, నిలువుగా 1 సెం.మీ.కి 4 మీ/సె అని స్కేలు పెట్టుకుంటే బొమ్మ 15 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. ఎత్తు వస్తుంది. కాగితంలో హాయిగా పడుతుంది. స్కేలును ఒక మూలన రాసి పెట్టుకోండి, తర్వాత దానితో పని ఉంది.

ఇప్పుడు నాలుగు బిందువులు గుర్తించండి: 0 సెకన్ల దగ్గర 0, 25 సెకన్ల దగ్గర 20, 55 సెకన్ల దగ్గర 20, 75 సెకన్ల దగ్గర 0. వాటిని వరుసగా స్కేలుతో కలపండి. ఎక్కే గీత, సమాంతరంగా సాగే గీత, దిగే గీత అని మూడు ముక్కలు వస్తాయి.

పుస్తకంలోనో ప్రశ్నపత్రంలోనో గ్రాఫు గీసి ఇచ్చినప్పుడు మొదట చూడాల్సింది Y-అక్షం మీద ఏం రాసి ఉందన్నది. అక్కడ దూరం ఉంటే ఇదే ఆకారానికి అర్థం పూర్తిగా వేరు. దూరం-కాలం గ్రాఫులో సమాంతర గీత ఉంటే బండి ఆగి ఉందని. వేగం-కాలం గ్రాఫులో అదే గీత ఉంటే బండి ఒకే వేగంతో దూసుకుపోతోందని. దిగే గీత విషయంలోనూ ఇదే చిక్కు. మన రైలు చివరి 20 సెకన్లలో వెనక్కి రావడం లేదు, ముందుకే పోతూ నెమ్మదిస్తోంది.

ఇంకో మాట. మామూలుగా మాట్లాడేటప్పుడు అన్నిటికీ వేగం అనే అంటాం గానీ, పాఠ్యపుస్తకంలో దిశతో పనిలేనిది వడి, దిశ కూడా కలిసింది వేగం. రైలు ఒకే దిశలో పోతున్నంతసేపూ ఈ తేడా మనకు అడ్డురాదు. వెనక్కి తిరిగే వస్తువు వచ్చినప్పుడు వస్తుంది.

వాలు నుంచి త్వరణం

ఎక్కే గీత తీసుకోండి. దాని మీద రెండు బిందువులు ఎంచుకోవాలి. వీలైనంత దూరంగా ఉన్నవి, అంకెలు సూటిగా చదవగలిగేవి అయితే మంచిది. దగ్గర దగ్గరగా ఉన్న రెండు బిందువులు తీసుకుంటే, అర మిల్లీమీటరు తప్పుగా చదివినా ఆ తప్పు పెద్ద భాగమై జవాబులో కూర్చుంటుంది. ఇక్కడ రెండు కొసలూ స్పష్టంగా ఉన్నాయి కాబట్టి అవే తీసుకుందాం.

```
a = (v2 - v1) / (t2 - t1)
a = (20 - 0) / (25 - 0) = 0.8
```

త్వరణం 0.8 మీ/సె². అంటే ప్రతి సెకనుకూ రైలు వేగం 0.8 మీ/సె చొప్పున పెరిగింది. ప్రమాణం ఎలా వచ్చిందో చూడండి: పైన మీ/సె, కింద సె, భాగిస్తే మీ/సె². ఈ చిన్న పరీక్ష ప్రతిసారీ చేసుకుంటే సగం తప్పులు అక్కడే దొరికిపోతాయి.

మధ్య గీతలో వేగం 20 నుంచి 20కే పోయింది. తేడా సున్నా, త్వరణం సున్నా. దీనికి లెక్క చేయనక్కర్లేదు, గీత సమాంతరంగా ఉందని చూస్తే చాలు.

దిగే గీత దగ్గర మాత్రం ఆగాలి. చాలామంది ఇక్కడ 20ని 75తో భాగిస్తారు, ఎందుకంటే గీత 75 దగ్గర ముగిసింది. కానీ బ్రేకు వేసింది 75 సెకన్లపాటు కాదు, 55 నుంచి 75 దాకా, 20 సెకన్లు మాత్రమే. వాలు అంటే ఒక బిందువు దగ్గరి వేగాన్ని అక్కడి కాలంతో భాగించడం కాదు, వేగంలో వచ్చిన మార్పును ఆ మార్పుకు పట్టిన కాలంతో భాగించడం. మొదటి గీత సున్నా నుంచి మొదలైంది కాబట్టి అక్కడ రెండు పద్ధతులూ ఒకే జవాబు ఇచ్చాయి. ఆ అలవాటే మూడో గీత దగ్గర ముంచుతుంది.

```
a = (0 - 20) / (75 - 55) = -1
```

త్వరణం -1 మీ/సె². తర్వాతి బిందువు విలువలోంచి ముందు బిందువు విలువ తీసేయాలన్న క్రమం పైనా కిందా ఒకేలా పాటిస్తే రుణ గుర్తు దానంతటదే వస్తుంది. ప్రశ్నలో రుణత్వరణం ఎంత అని అడిగితే 1 మీ/సె² అని రాయాలి, త్వరణం ఎంత అని అడిగితే -1 మీ/సె² అని రాయాలి. రుణత్వరణం -1 అని రాస్తే రెండుసార్లు రుణం చెప్పినట్టవుతుంది.

కోణమానినితో వాలు కొలవాలని కొందరికి అనిపిస్తుంది, వాలు అంటే tan θ అని గణితంలో చదివాం కదా అని. మన గ్రాఫు మీద ప్రయత్నించి చూడండి. ఎక్కే గీత అడ్డంగా 5 సెం.మీ., నిలువుగా 5 సెం.మీ. పోయింది, కాబట్టి కాగితం మీద కోణం సరిగ్గా 45°. tan 45° అంటే 1. కానీ అసలు త్వరణం 0.8. ఎందుకు తేడా వచ్చింది? నిలువుగా ఒక సెంటీమీటరు 4 మీ/సె, అడ్డంగా ఒక సెంటీమీటరు 5 సెకన్లు. రెండు స్కేళ్ళూ వేరు కాబట్టి కాగితం మీది 1ని 4/5తో హెచ్చిస్తేనే 0.8 వస్తుంది. స్కేలు మార్చి గీస్తే కోణం మారిపోతుంది, త్వరణం మారదు. అందుకని గళ్ళు లెక్కపెట్టకుండా, కోణం కొలవకుండా, అక్షాల మీది విలువలే చదవండి.

ఈ గ్రాఫులో అసలు రైలుకు సరిపడని సంగతి ఒకటుంది. 25 సెకన్ల దగ్గర గీత మూల తిరిగింది, అంటే త్వరణం 0.8 నుంచి ఒక్క క్షణంలో సున్నాకు పడిపోయింది. నిజంగా అలా జరిగితే హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఒక్కసారి ఊగిపోతారు. అందుకే అసలు రైళ్ళలో ఆ మూలను గుండ్రంగా నునుపు చేస్తారు. మనం మూల ఉన్నట్టే తీసుకుందాం, కానీ ఆ బిందువు దగ్గర త్వరణం ఎంత అని అడిగితే జవాబు లేదని తెలుసుకుందాం. అక్కడ ఎడమ వైపు వాలు ఒకటి, కుడి వైపు వాలు ఇంకొకటి.

వైశాల్యం దూరం ఎందుకవుతుంది

సమాంతర గీతతో మొదలుపెడితే విషయం తేలిక. 20 మీ/సె వేగంతో 30 సెకన్లు పోతే దూరం 20 × 30 = 600 మీటర్లు. గ్రాఫులో చూస్తే 20 ఎత్తు, 30 వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం వైశాల్యం అదే. ఇందులో అనుమానానికి చోటు లేదు.

వాలు గీత కిందే అనుమానం వస్తుంది. అక్కడ వేగం క్షణక్షణానికీ మారుతోంది, దేనితో హెచ్చించాలి? 25 సెకన్లను 5 సెకన్ల చొప్పున ఐదు పట్టీలుగా చీల్చండి. ప్రతి పట్టీలో రైలు ఆ పట్టీ మొదట్లో ఉన్న వేగంతోనే పోయిందనుకుంటే వేగాలు 0, 4, 8, 12, 16. వీటి మొత్తం 40, దాన్ని 5తో హెచ్చిస్తే 200 మీటర్లు. ఇది అసలు కంటే తక్కువ, ఎందుకంటే పట్టీ లోపల వేగం పెరుగుతూనే ఉంది. ప్రతి పట్టీ చివరి వేగం తీసుకుంటే 4, 8, 12, 16, 20. మొత్తం 60, దూరం 300 మీటర్లు. ఇది అసలు కంటే ఎక్కువ. నిజం ఈ రెండిటి మధ్య ఉంది.

పట్టీలను 1 సెకను వెడల్పుకు సన్నం చేస్తే తక్కువ లెక్క 240కి పెరుగుతుంది, ఎక్కువ లెక్క 260కి తగ్గుతుంది. ఇంకా సన్నం చేసే కొద్దీ రెండూ 250 దగ్గరికి చేరతాయి. అదే ఆ త్రిభుజం వైశాల్యం: సగం × 25 × 20 = 250. సగం ఎందుకొచ్చిందో కూడా ఇందులోనే ఉంది. సున్నా నుంచి 20 దాకా సమానంగా పెరిగిన వేగానికి సగటు 10, ఆ సగటుతో 25 సెకన్లు పోయినట్టే.

మూడు ముక్కల దూరం

మొదటి త్రిభుజం 250 మీటర్లు. దీర్ఘచతురస్రం 600 మీటర్లు. చివరి త్రిభుజం సగం × 20 × 20 = 200 మీటర్లు. మొత్తం 1050 మీటర్లు.

చివరి త్రిభుజం వైశాల్యానికి రుణ గుర్తు పెట్టకండి. వాలు రుణమే, కానీ ఆ త్రిభుజం మొత్తం X-అక్షానికి పైనే ఉంది. బ్రేకు వేసినా రైలు ముందుకే 200 మీటర్లు పోయింది. వాలు గుర్తుకూ వైశాల్యం గుర్తుకూ సంబంధం లేదు: గీత ఎటు వంగిందన్నది త్వరణం గుర్తును చెబుతుంది, గీత అక్షానికి పైనుందా కిందుందా అన్నది దూరం ఏ దిశలోనో చెబుతుంది.

మొత్తం బొమ్మ ఒక ట్రెపీజియం కాబట్టి జవాబును సరిచూసుకోవడం సులువు. సమాంతర భుజాలు పైన 30, కింద 75, ఎత్తు 20.

```
s = (30 + 75) / 2 × 20 = 1050
```

రెండు దారుల్లోనూ ఒకే జవాబు వచ్చింది. కాగితం మీదే కొలిచి చూడాలనుకుంటే, అక్కడ ట్రెపీజియం వైశాల్యం (6 + 15) / 2 × 5 = 52.5 చదరపు సెం.మీ. మొదట రాసి పెట్టుకున్న స్కేలు ప్రకారం ఒక చదరపు సెంటీమీటరు విలువ 5 సెకన్లు × 4 మీ/సె, అంటే 20 మీటర్లు. 52.5ను 20తో హెచ్చిస్తే మళ్ళీ 1050. జవాబు చివర చదరపు మీటర్లు అని రాసేవాళ్ళుంటారు, వైశాల్యం కదా అని. మన ఎత్తు మీటర్లలో లేదు, మీ/సెలో ఉంది. దాన్ని సెకన్లతో హెచ్చిస్తే మిగిలేది మీటర్లే.

ట్రెపీజియంతో దూరం లెక్కకట్టడం మన స్కూలు పుస్తకాలతో పుట్టింది కాదు. క్రీ.పూ. 350 నుంచి 50 మధ్య కాలానికి చెందిన బాబిలోన్ మట్టి పలకల మీద గురుగ్రహం కదలికను ఇలాగే లెక్కించారని 2016లో ప్రచురితమైన పరిశోధనతో తెలిసింది. గ్రహం కదలిక రోజుకు 12 నిమిషాల కోణం నుంచి 60 రోజుల్లో 9.5 నిమిషాలకు తగ్గుతుందని తీసుకున్నారు. రెండిటి సగటు 10.75, దాన్ని 60తో హెచ్చిస్తే 645 నిమిషాలు, డిగ్రీకి 60 నిమిషాల చొప్పున 10.75 డిగ్రీలు. మన బ్రేకు లెక్కకూ దీనికీ పద్ధతిలో తేడా లేదు.

మధ్యలో కొంత భాగమే అడిగితే

10వ సెకను నుంచి 40వ సెకను వరకు ఎంత దూరం పోయింది? ఇలాంటి ప్రశ్నకు ఆ రెండు కాలాల దగ్గర X-అక్షం నుంచి గీత దాకా నిలువు గీతలు గీయండి. వాటి మధ్య చిక్కిన వైశాల్యమే కావాలి. 10 సెకన్ల దగ్గర గీత ఎత్తు చదివితే 8 మీ/సె. గ్రాఫు సరిగా చదవలేకపోతే 0.8 × 10 అని లెక్కకట్టినా అంతే. 25 సెకన్ల దాకా ఉన్నది త్రిభుజం కాదు, ట్రెపీజియం: (8 + 20) / 2 × 15 = 210 మీటర్లు. 25 నుంచి 40 దాకా 20 × 15 = 300 మీటర్లు. మొత్తం 510 మీటర్లు. ఇక్కడ జరిగే తప్పు ఒకటే, 8 ఎత్తున్న కింది భాగాన్ని వదిలేసి పైనున్న చిన్న త్రిభుజాన్ని మాత్రమే లెక్కపెట్టడం.

దీనికి తమ్ముడి లాంటి తప్పు ఇంకొకటి ఉంది. కొన్ని గ్రాఫుల్లో చోటు కలిసొస్తుందని Y-అక్షాన్ని సున్నాతో కాక 10తోనో 15తోనో మొదలుపెడతారు. అప్పుడు వాలుకు ఏమీ కాదు, ఎందుకంటే అది తేడాల లెక్క. వైశాల్యం మాత్రం పాడవుతుంది, బొమ్మలో కనిపించని కింది పట్టీ దూరం మొత్తం పోతుంది. అక్షం మొదట్లో ఏ అంకె ఉందో చూశాకే వైశాల్యం జోలికి వెళ్ళండి.

గీత అక్షం కిందికి దిగితే

ఒక బంతిని నిట్టనిలువుగా 20 మీ/సె వేగంతో పైకి విసిరామనుకోండి. పైదిశ ధనం, గురుత్వ త్వరణం 10 మీ/సె² అని తీసుకుంటే, గ్రాఫు 20 దగ్గర మొదలై 2 సెకన్ల దగ్గర సున్నాను దాటి, 4 సెకన్ల దగ్గర -20కి చేరుతుంది. మొదటినుంచి చివరిదాకా ఒకే సరళరేఖ, వాలు అంతటా -10.

అక్షానికి పైనున్న త్రిభుజం 20 మీటర్లు, బంతి పైకెళ్ళిన ఎత్తు. కిందనున్న త్రిభుజమూ 20 మీటర్లే, అది కిందికి వచ్చిన దూరం. మొత్తం దూరం అడిగితే రెండూ కలపాలి, 40 మీటర్లు. స్థానభ్రంశం అడిగితే కింది దానికి రుణ గుర్తు పెట్టి కలపాలి, సున్నా. బంతి చేతిలోకే వచ్చింది కాబట్టి ఇది సరిపోయింది. కాబట్టి గీత అక్షాన్ని ఎక్కడ దాటుతుందో ముందుగా గుర్తించి, అక్కడ బొమ్మను రెండుగా విడగొట్టాకే లెక్క మొదలుపెట్టండి.

2 సెకన్ల దగ్గర వేగం సున్నా అని త్వరణం కూడా సున్నా అనుకోవడం చాలా మామూలు. గీత అక్షాన్ని తాకిందే తప్ప వాలు మారలేదు, త్వరణం అక్కడా -10 మీ/సె². ఆ తర్వాత వేగమూ త్వరణమూ రెండూ రుణమే, అయినా బంతి వడి పెరుగుతోంది. రుణ త్వరణం అంటే ఎప్పుడూ నెమ్మదించడమేనన్న మాట అక్షం పైభాగంలోనే చెల్లుతుంది.

గీత వంపు తిరిగితే

అసలు బండ్ల దగ్గర తీసిన గ్రాఫులు సరళరేఖలుగా రావు. ఒక స్కూటర్ స్పీడోమీటరును 2 సెకన్లకోసారి చదివితే 0, 12, 22, 29, 34, 36 కి.మీ./గం. వచ్చాయనుకుందాం. మొత్తం 10 సెకన్లు. గీత మొదట్లో నిటారుగా లేచి పోనుపోను వాలిపోతుంది.

ఒక క్షణం దగ్గర త్వరణం కావాలంటే ఆ బిందువు దగ్గర వంపును తాకుతూ స్పర్శరేఖ గీసి, ఆ రేఖ వాలు కట్టాలి. చేతితో గీసిన స్పర్శరేఖ ఎవరికి వారికి కొంచెం తేడాగా వస్తుంది, కాబట్టి పక్క బిందువులతో సరిచూసుకోండి. 4వ సెకనుకు అటూ ఇటూ ఉన్న వేగాలు 12, 29. తేడా 17, కాలం 4 సెకన్లు, అంటే సెకనుకు 4.25 కి.మీ./గం. దీన్ని మీ/సెకి మార్చడానికి 5/18తో హెచ్చిస్తే సుమారు 1.18 మీ/సె². మీ స్పర్శరేఖ ఇచ్చిన వాలు దీనికి చాలా దూరంగా ఉంటే రేఖ వంపును తాకడం లేదు, కోస్తోందన్నమాట.

దూరానికి వంపు కింది భాగాన్ని 2 సెకన్ల వెడల్పున్న ట్రెపీజియంలుగా చీల్చండి. అన్నిటినీ కలిపితే లెక్క ఇలా కుదురుతుంది: కొసల్లోని రెండు వేగాలకు సగం, మధ్యవాటికి పూర్తి విలువ.

```
2 × (0/2 + 12 + 22 + 29 + 34 + 36/2) = 230
230 × 5/18 = 63.9
```

230 అనేది మీటర్లూ కాదు, కిలోమీటర్లూ కాదు. అది కి.మీ./గం.ని సెకన్లతో హెచ్చించిన అంకె, 5/18తో హెచ్చించాకే 63.9 మీటర్లయింది. వాహనాల గ్రాఫుల్లో Y-అక్షం కి.మీ./గం.లోనూ X-అక్షం సెకన్లలోనూ ఉండటం సర్వసాధారణం కాబట్టి ఈ మెట్టు మరిచిపోతే జవాబు 3.6 రెట్లు పెద్దదవుతుంది. 10 సెకన్లలో స్కూటర్ 230 మీటర్లు పోయిందంటే సగటు వేగం గంటకు దాదాపు 83 కిలోమీటర్లు ఉండాలి. స్పీడోమీటరు 36 దాటనే లేదు.

63.9 కూడా అసలు కంటే కాస్త తక్కువే. ఈ వంపు పైకి ఉబ్బి ఉంది, ట్రెపీజియం పై అంచులు సూటి గీతలు కాబట్టి వంపుకు కిందే ఉండిపోయి, మధ్యలో సన్నని ముక్కలు లెక్కలోకి రాకుండా పోయాయి. వంపు కిందికి నొక్కుకుని ఉంటే లెక్క అసలు కంటే ఎక్కువ వస్తుంది. ఆ తేడా తగ్గాలంటే 1 సెకనుకోసారి వేగం చదివి పట్టీలను సన్నం చేయాలి.